బాబాయ్ కారు పాలసీ: కంపెనీ దేనికి డబ్బు ఇస్తుంది, దేనికి ఇవ్వదు

బాబాయ్, మీరు ఫొటో తీసి పంపిన పాలసీ పేరాను మీకూ పిన్నికీ అర్థమయ్యేలా తిరగరాశాను. మీది 1197 సీసీ పెట్రోల్ కారు, నాలుగో ఏడు నడుస్తోంది, అదనంగా డబ్బు కట్టి తీసుకునే యాడ్-ఆన్‌లు ఒక్కటీ లేవు. కింద ఉన్నదంతా అది చూసే రాశాను, వానలు మొదలయ్యేలోపు తప్పకుండా చదవండి.

ముందు వరద సంగతి, వేళచ్చేరిలో ఉంటూ దీన్ని వదలకూడదు. 2015 డిసెంబర్‌లోనూ, 2023 మిచాంగ్ తుపానప్పుడూ మీ వైపు కార్లు ఎలా మునిగాయో మీకు తెలుసు. తుపాను, వరద, ముంపు వల్ల కారుకు నేరుగా జరిగే నష్టానికి మీ పాలసీ డబ్బు ఇస్తుంది: నిలిపి ఉన్న కారులోకి నీళ్లొచ్చి సీట్లు, కార్పెట్, వైరింగ్ పాడైతే క్లెయిమ్ చేసుకోవచ్చు. కానీ నీళ్లలో ఉన్న కారును, లేదా నీళ్లలో ఆగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజన్‌లోకి నీళ్లు లాగేసుకుని లోపలి భాగాలు వంగిపోతాయి. ఇది వరద చేసిన నష్టం కాదు, ఆ తర్వాత స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టం అని చెప్పి కంపెనీలు మామూలుగా ఇంజన్ ఖర్చు ఇవ్వవు. అందుకని నీళ్లు తగ్గాక కూడా తాళం తిప్పొద్దు బాబాయ్, పుష్ బటన్ అయినా అంతే. ఫొటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, టోయింగ్ బండి మీదే గ్యారేజీకి పంపండి. దెబ్బతిన్న కారును బాగు చేయించకుండా నడిపితే అదనంగా పాడైనది మీ ఖాతాలోకే వస్తుందని పాలసీ షరతుల్లో విడిగా రాసి ఉంది. ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఉంటే ఈ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది, రెన్యువల్ అప్పుడు తప్పకుండా అడగండి, కారు పాతబడే కొద్దీ కొన్ని కంపెనీలు అది ఇవ్వవు.

వాడకంతో అరిగిపోయినవి, తనంతట తానే చెడిపోయినవి పాలసీలోకి రావు. క్లచ్ అరిగింది, ఏసీ కంప్రెసర్ ఆగిపోయింది, బ్యాటరీ పోయింది, ఇవన్నీ మీ ఖర్చే. గుద్దుకోవడం వల్ల పాడైతే మాత్రం వేరే లెక్క.

ఆ లెక్కలో కూడా మొత్తం బిల్లు రాదు, చాలామంది గ్యారేజీలో గొడవపడేది ఇక్కడే. పాత భాగం తీసి కొత్తది వేసినప్పుడు దాని విలువలో తరుగు పట్టుకుంటారు: ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం, మీ కారు వయసుకు ఇనుప భాగాలకు 25 శాతం, అద్దాలకు ఏమీ లేదు. 8,000 రూపాయల బంపర్ మారిస్తే అందులో 4,000 మీవే, అది కాక ప్రతి క్లెయిమ్‌కూ 1,000 రూపాయలు తప్పనిసరిగా మీరే పెట్టుకోవాలి. గుంతలో పడి టైరు ఒక్కటే పగిలితే ఏమీ రాదు, అదే దెబ్బకు కారు కూడా దెబ్బతింటే టైరు ధరలో సగం ఇస్తారు.

తాగి నడిపితే మీ కారు రిపేరుకు రూపాయి రాదు. మీరు నడిపినా, మీకు తెలిసి మీరు తాళాలు ఇచ్చిన వాళ్లు నడిపినా అంతే. తమ్ముడు కారు అడిగినప్పుడు లైసెన్స్ చూసి ఇవ్వండి, ఆ తరగతి బండికి చెల్లే లైసెన్స్ లేని వాళ్లు నడిపినా కంపెనీ తప్పుకుంటుంది. లైసెన్స్ ఉన్న బంధువుకు ఊరికే ఇవ్వడంలో ఇబ్బంది లేదు, కానీ వాడు డబ్బు తీసుకుని తిరుపతికి మనుషుల్ని ఎక్కించుకెళ్తే అది అద్దె వాడకం అవుతుంది, మీది సొంత వాడకానికి తీసుకున్న పాలసీ. కారులో పెట్టిన లాప్‌టాప్, నగలు పోయినా దీంట్లోకి రావు. యుద్ధం, అణు ప్రమాదం కూడా మినహాయింపులే, వాటి గురించి ఇప్పుడు తల పట్టుకోనక్కర్లేదు.

నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపే సర్వేయర్ చూసి వెళ్లకముందు గ్యారేజీ వాళ్లను ఒక్క బోల్ట్ కూడా విప్పనివ్వకండి. ఎవరైనా ఫోన్‌లో "రాదండీ" అంటే అక్కడితో ఆగిపోకండి, పాలసీలో ఏ షరతు కింద కాదంటున్నారో రాసి ఇమ్మనండి. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నెల దాటినా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు సరిగా లేకపోతే, ఇలాంటి గొడవలు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు చెన్నైలోనే ఉంది, అక్కడ ఫీజు లేదు, లాయర్ అవసరం లేదు. ఆ ఫిర్యాదు కాగితం నేను రాసి పెడతాను, మీరు సంతకం చేస్తే చాలు.