ఏటికి నెలలు ఎన్నమ్మా?

(రెండో తరగతి పిల్లలకు. పన్నెండు మంది గుండ్రంగా నిలబడాలి, ఒక్కొక్కరు ఒక్కో నెల. తన నెల పేరు వినగానే ఒక అడుగు ముందుకు వేయాలి. ఋతువు పేరు రాగానే ఆ ఇద్దరూ చేతులు కలపాలి. పల్లవి మాత్రం అందరూ, చప్పట్లతో.)

పల్లవి
ఏటికి నెలలు ఎన్నమ్మా?
పన్నెండమ్మా పన్నెండు!
ఋతువులు మరి అవి ఎన్నమ్మా?
ఆరే! ఒకదానికి రెండు.

చైత్రం చైత్రం మొదటి నెల,
చివురుల కొమ్మన కోకిల.
వైశాఖం ఇక రెండో నెల,
చెమటకు తడిసెను చిన్ని తల.
కలిసిన రెండూ వసంతం,
ఏడాదికి అది ఆరంభం.

(వసంతంలో చెమటేమిటి అని అడిగే పిల్ల ఒకరు తప్పకుండా ఉంటారు. అడగనివ్వండి. ఋతువు పేరు చూసుకుని ఎండ ఆగదు కదా!)

జ్యేష్ఠం వస్తే మండే ఎండ,
పిట్టకు పెడదాం నీళ్ళ కుండ.
ఆషాఢానికి మబ్బుల దండ,
ఊ అనగానే ఉరిమే కొండ.
కలిసిన రెండూ గ్రీష్మం, గ్రీష్మం,
సగమే ఎండ, సగం మేఘం.

శ్రావణమాసం చిటపట చినుకు,
కాగితం పడవా, ఉరుకూ ఉరుకు!
భాద్రపదంలో బెకబెక కప్ప,
గుంటకు రాజట, ఎంతటి గొప్ప!
కలిసిన రెండూ వర్షం, వర్షం,
చేనుకు, చెరువుకు, నాకూ హర్షం.

(పల్లవి)

ఆశ్వయుజం అని మెల్లగ పలుకు,
తడబడి నవ్వితె మళ్ళీ పలుకు!
కార్తికమాసం వెన్నెల మొలక,
ఆకాశం ఒక కడిగిన పలక.
కలిసిన రెండూ శరత్తు, శరత్తు,
వానల మబ్బులు చిత్తు చిత్తు!

(ఇక్కడ ఆగి అందరిచేతా మూడుసార్లు ‘ఆశ్వయుజం’ అనిపించాలి. నవ్వులు అయ్యాకే ముందుకు.)

మార్గశిరంలో మంచు తెర,
ఎదుటి చెట్టూ ఎక్కడరా?
పుష్యం వస్తే గజగజ చలి,
మూలన ముడుచుకు పడుకొనె పిల్లి.
కలిసిన రెండూ హేమంతం,
పగలే చిన్నది, రాత్రి అనంతం!

మాఘం గాలికి ఆకులు జలజల,
తొక్కితె చాలు, గలగల గలగల.
ఫాల్గుణమాసం పన్నెండో నెల,
ఆకే లేదు, మోదుగ మిలమిల.
కలిసిన రెండూ శిశిరం, శిశిరం,
తర్వాత ఏమిటి? చైత్రం, చైత్రం!

(పల్లవి. ఈసారి గుండ్రంగా తిరుగుతూ. ఫాల్గుణం పిల్ల చైత్రం పిల్ల చెయ్యి పట్టుకోవాలి.)

చుక్కల పాట
నెలలకు పేర్లు ఎట్లా వచ్చె?
నిండు చంద్రుడే తెచ్చి ఇచ్చె!
పున్నమి నాడు చంద్రుడి పక్కన
ఏ చుక్కుందో చూద్దాం చక్కన.

(చుక్క పేరు టీచర్, నెల పేరు పిల్లలు. ముందు నిదానంగా, తర్వాత జోరుగా.)

చిత్త పక్కన? చైత్రం!
విశాఖ పక్కన? వైశాఖం!
జ్యేష్ఠ పక్కన? జ్యేష్ఠం!
పూర్వాషాఢకు? ఆషాఢం!
శ్రవణం పక్కన? శ్రావణం!
పూర్వాభాద్రకు? భాద్రపదం!
అశ్విని పక్కన? ఆశ్వయుజం!
కృత్తిక పక్కన? కార్తికం!
మృగశిర పక్కన? మార్గశిరం!
పుష్యమి పక్కన? పుష్యం!
మఖ పక్కన? మాఘం!
ఫల్గుణి పక్కన? ఫాల్గుణం!

(చంద్రుడు ప్రతిసారీ సరిగ్గా ఆ చుక్కను ఆనుకునే ఉండడు, ఒక్కోసారి కాస్త ఇటో అటో ఉంటాడు. అధికమాసం గురించి అడిగితే ఇంతే చెప్పండి: చంద్రుడి పన్నెండు నెలలు సూర్యుడి ఏడాది కంటే సుమారు 11 రోజులు తక్కువ. ఆ లోటు పూడ్చడానికి రెండు మూడేళ్ళకోసారి ఒక నెల రెండుసార్లు వస్తుంది. గుండ్రంలో పదమూడో పిల్లకు చోటు లేదు కాబట్టి పాటలో పెట్టలేదు.)

పిడికిలి పాట
(క్యాలెండర్ నెలలకు. ఎడమ పిడికిలి బిగించి, చూపుడు వేలి గట్టు దగ్గర మొదలుపెట్టి కుడి వేలితో తాకుతూ పోవాలి. ఎముక లేచిన చోటు గట్టు, మధ్యలో పల్లం గుంట.)

జనవరి గట్టు, ఫిబ్రవరి గుంట,
మార్చి గట్టు, ఏప్రిల్ గుంట,
మే నెల గట్టు, జూన్ నెల గుంట,
జూలై గట్టు, ఆగుదమంట!

మళ్ళీ మొదటికి వేలిని పెట్టు,
ఆగస్టూ ఒక ఎత్తు గట్టు!
సెప్టెంబరుకు గుంటే గుంట,
అక్టోబర్‌కు గట్టేనంట,
నవంబరేమో గుంటలో పెట్టు,
డిసెంబరొచ్చి ఎక్కెను గట్టు!

గట్టు గట్టుకూ 31,
గుంట గుంటకూ 30.
ఫిబ్రవరి పాపం 28,
నాలుగేళ్ళకోసారి 29!