ఈఆర్‌పీ ఫంక్షనల్ కన్సల్టెంట్ ఇంటర్వ్యూ: కొనుగోళ్ల విభాగం ప్రశ్నలు, జవాబులు

శాప్ ఎంఎం మాడ్యూల్‌లో రెండు మూడేళ్లు పనిచేసినవారి కోసం ఇవి. నిర్వచనాలు అందరూ చెబుతారు. అభ్యర్థి సత్తా తేలేది సందర్భాన్ని ఇచ్చి అడిగినప్పుడే. అందుకే మొదటివాటిని త్వరగా ముగించాను.

ప్రశ్న: ఫంక్షనల్ కన్సల్టెంట్ పని ఏమిటి?
వ్యాపారం ఎలా నడుస్తోందో విని, దాన్ని సిస్టమ్‌లో కాన్ఫిగర్ చేసి, పరీక్షించి, వాడేవారికి నేర్పడం. కోడ్ అవసరమైతే స్పెసిఫికేషన్ నేను రాస్తాను, ప్రోగ్రామ్ డెవలపర్ రాస్తారు.

ప్రశ్న: మాస్టర్ డేటాకూ ట్రాన్సాక్షన్ డేటాకూ తేడా?
సరఫరాదారు, మెటీరియల్ వివరాలు మాస్టర్ డేటా. వాటిని వాడి వేసే పర్చేజ్ ఆర్డర్, ఇన్‌వాయిస్ ట్రాన్సాక్షన్ డేటా.

ప్రశ్న: జీఆర్/ఐఆర్ ఖాతా ఎందుకు?
సరుకు ఒకరోజు వస్తుంది, బిల్లు ఇంకోరోజు వస్తుంది. సరుకు అందినప్పుడు నిల్వ ఖాతాకు డెబిట్, జీఆర్/ఐఆర్‌కు క్రెడిట్. బిల్లు వచ్చాక జీఆర్/ఐఆర్‌కు డెబిట్, సరఫరాదారుకు క్రెడిట్. రెండూ సరిపోతే ఖాతా సున్నా అవుతుంది. (ఈ జవాబు చెబుతూ కాగితం మీద రెండు ఎంట్రీలు వేసి చూపండి.)

ప్రశ్న: 100 యూనిట్లకు ఆర్డర్. 90కే సరుకు నమోదైంది. 100కు బిల్లు వచ్చి, చెల్లింపు బ్లాక్ అయింది. సరఫరాదారు రోజూ ఫోన్ చేస్తున్నారు. ఏం చేస్తారు?
ముందుగా బ్లాక్ తీసేయను. అది తన పని తాను చేసింది. `ME23N`లో ఆర్డర్ చరిత్ర తెరిచి, మూవ్‌మెంట్ టైప్ 101 కింద 90 మాత్రమే ఉన్నాయని నిర్ధారించుకుంటాను. తర్వాత గోదాము వాళ్లను అడుగుతాను: మిగతా 10 నిజంగా రాలేదా, వచ్చినా నమోదు చేయలేదా? వచ్చి ఉంటే `MIGO`లో వాళ్ల చేతే నమోదు చేయించి, `MRBR`లో బిల్లు విడుదల చేయిస్తాను. రాకపోతే ఆ 10 పంపమనో, వాటికి క్రెడిట్ మెమో ఇవ్వమనో కొనుగోలు విభాగం అడగాలి. ఆ నిర్ణయం వాళ్లది, నాది కాదు. ఇలాంటివి తరచూ వస్తుంటే టాలరెన్స్ పరిమితులు పెంచే ముందు గోదాములో నమోదు ఎక్కడ ఆలస్యమవుతోందో చూస్తాను.

చాలామంది నేరుగా `MRBR` అని చెప్పి ఆగిపోతారు. గోదామును అడిగినవారికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ప్రశ్న: కొత్త సిస్టమ్‌కు మారే రోజున 100లో 60 అందిన ఆర్డర్‌ను ఎలా తెస్తారు?
మిగిలిన 40కే కొత్త ఆర్డర్ వేస్తాను. మొత్తం 100 తెస్తే వచ్చేసిన సరుకు మళ్లీ రావాల్సినట్టు కనబడి, ప్లానింగ్ లెక్క తప్పుతుంది. అందిన 60కి బిల్లు ఇంకా రాకపోతే, దాన్ని ఏ సిస్టమ్‌లో నమోదు చేయాలో ఫైనాన్స్ వాళ్లతో ముందే రాతపూర్వకంగా తేల్చుకుంటాను.