గేటు దాటాక అంతా నీదే

చిట్టితల్లీ,
నీ బూట్లు రాత్రే గుమ్మం పక్కన పెట్టాం.
నాన్న ఒక కుందేలు బొమ్మను నిలువునా రెండుగా కత్తిరించి
సగం కుడి బూటులో, సగం ఎడమ బూటులో అతికించాడు.
రెండూ పక్కపక్కన పెడితే కుందేలు పూర్తిగా కనిపించాలి.
రెండు చెవులూ చెరో వైపుకు పోతే
బూట్లు తారుమారైనట్టు.

సంచి కొంచెం పెద్దదే.
వెనక నుంచి చూస్తే
సంచికే కాళ్ళు వచ్చి నడుస్తున్నట్టుంది.
"ఇంకో రెండేళ్ళు పనికొస్తుంది" అంది అమ్మ.
అమ్మ ఏది కొన్నా
ఇంకా రాని నిన్ను చూసి కొంటుంది.

నీళ్ళ సీసా మూత గట్టిగా బిగించలేదు.
నీ వేళ్ళ బలం ఎంతో మాకు తెలుసు.
కొంచెం కారుతుంది, కారనీ.
అడుగున ఒక జత బట్టలున్నాయి.
ఎందుకో నీకూ మాకూ తెలుసు, ఇంకెవరికీ చెప్పనక్కరలేదు.
అవసరమైతే చెయ్యి ఎత్తు.
టీచరు చూడకపోతే దింపేయకు,
లేచి దగ్గరికి వెళ్ళి చెప్పు.
పెద్దవాళ్ళు ఒక్కోసారి చూడరు.
మేమూ అంతే కదా!

ఇంట్లో నీకు ఎన్ని పేర్లో!
బుజ్జి, చిన్ని, బంగారం, పిచ్చుక,
నిద్రపోనప్పుడు గుడ్లగూబ.
పూర్తి పేరుతో పిలిచామంటే
గోడ మీద బొమ్మలు గీసి దొరికిపోయావని అర్థం.
బడిలో మాత్రం హాజరు పట్టీ తెరిచి
ఆ పూర్తి పేరే పిలుస్తారు, రోజూ, అందరి ముందూ.
కోప్పడుతున్నారనుకుని బల్ల కిందకి దూరకు.
నువ్వేమీ చేయలేదు.
నిలబడి "ఉన్నాను టీచర్" అను,
వినపడేలా.

నీకు పన్నెండు తర్వాత పదిహేను వస్తుంది.
పదమూడూ పద్నాలుగూ ఏమయ్యాయని
మేము ఎప్పుడూ నిలదీయలేదు.
ఆ రెండూ బడిలోనే ఎక్కడో ఉన్నాయి,
వెళ్ళి తెచ్చుకో.
నువ్వు రాసే 'ఆ' కొన్నిసార్లు
అటు తిరిగి పడుకుంటుంది.
దాన్ని లేపడానికి తొందరేమీ లేదు.

పక్కన ఎవరైనా ఏడుస్తారు.
వాళ్ళను చూసి నీకూ ఏడుపు వస్తుంది,
నీ సంగతి మాకు తెలియదా,
బొమ్మల కథలో ఏనుగు పిల్ల తప్పిపోతే
పుస్తకం మూసి దాచేసినదానివి.
వస్తే ఏడువు.
జేబులో అమ్మ చేతిరుమాలు ఉంది.
ఉతకలేదు.
కావాలనే.

ఇన్నాళ్ళూ నీకు జరిగినవన్నీ మాకు తెలుసు.
మోకాలి మీది మచ్చ ఏ మెట్టుదో,
అర్ధరాత్రి లేచి నవ్వితే కలలోకి ఏ కుక్కపిల్ల వచ్చిందో,
ఏ చొక్కా గుండీ నమిలావో.
గేటు దాటాక తెలియదు.
నీ పక్కన ఎవరు కూర్చుంటారో,
నీ ఎర్ర పెన్సిలు ఎవరు అడుగుతారో, ఇస్తావో ఇవ్వవో,
కిటికీలోంచి నీకు ఏ కొమ్మ కనిపిస్తుందో.
మేము లేని చోట నీకొక రోజు పుడుతుంది,
దానికి మా చేతి ముద్ర ఉండదు.

సాయంత్రం ఎలాగూ అడుగుతాం, ఆపుకోలేం.
ఏం చెప్పారు, ఎవరితో ఆడావు, డబ్బా ఖాళీ చేశావా?
నువ్వు "ఏమో" అంటావు.
అను. అది నీ హక్కు.
చెప్పాలనిపించినవి చెప్పు, దాచుకోవాలనిపించినవి దాచుకో.
ఒక్కటి మాత్రం దాచకు:
ఎవరైనా నిన్ను నొప్పించినా, భయపెట్టినా,
"ఇంట్లో చెప్పొద్దు" అన్నా,
అది మాత్రం వెంటనే చెప్పు.
మేము గాఢనిద్రలో ఉన్నా లేపి చెప్పు.
నిన్ను తిట్టం.

నువ్వు లేకుండా ఇవాళ ఇల్లు ఎలా ఉంటుందో
ఇక్కడ రాయబోయి కొట్టేశాం.
ఆ బరువు నీ సంచిలో పెట్టకూడదు.

గేటు దగ్గర ఎక్కువసేపు ఉండొద్దన్నారు టీచరు.
ఉండం.
ఒక ముద్దు అమ్మది, ఒకటి నాన్నది,
చెయ్యి ఊపి వెళ్ళిపోతాం.
నువ్వు అటు తిరిగినప్పుడు చూసి జారుకోం,
నీకు చెప్పే వెళ్తాం.
ఆఖరి గంట కొట్టేసరికి అదే గేటు దగ్గర ఉంటాం.
నాన్న ముందే వచ్చేస్తాడు,
ఆ సంగతి అమ్మకు ఇప్పుడే తెలిసింది.

అన్నట్టు, నిన్న రాత్రి
దుప్పటిలోంచి తల బయటపెట్టి అడిగావు,
"బడి ఒక్కరోజే కదా?" అని.
నాన్న అమ్మ వైపు చూశాడు.
అమ్మ నాన్న వైపు చూసింది.
"ముందు రేపు వెళ్ళిరా" అన్నాం ఇద్దరం ఒకేసారి.
మిగతా లెక్క
నీకు పదమూడూ పద్నాలుగూ దొరికాక చెబుతాం.