మీ ఫిర్యాదు అందింది – నంబరు 1147 (పోచంపల్లి పట్టు చీర, రంగు దిగడం)

10 నవంబర్ 2025, సోమవారం
భూదాన్ పోచంపల్లి

శ్రీమతి వి. పద్మావతి గారికి,
ఖమ్మం.

నమస్కారమండీ.

శనివారం, నవంబర్ 8 సాయంత్రం మీరు పంపిన మెయిల్, దానితో పాటు ఐదు ఫొటోలు మాకు అందాయి. మీ ఫిర్యాదును 1147 నంబరుతో నమోదు చేశాం. ఇకపై ఫోన్ చేసినా, మెసేజ్ పెట్టినా ఈ నంబరు చెబితే చాలు, జరిగినదంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సిన పని ఉండదు.

మీరు రాసినది మేం సరిగ్గానే అర్థం చేసుకున్నామో లేదో ఒకసారి చూడండి. సెప్టెంబర్ 27న మా దగ్గర ఆన్‌లైన్‌లో మీగడ రంగు మీద ఎర్ర అంచున్న ఇక్కత్ పట్టు చీర 13,800 రూపాయలకు తీసుకున్నారు. అక్టోబర్ 3న చీర ఇంటికి చేరింది. ఒకసారి కట్టుకుని, తర్వాత చల్లనీళ్లలో కొద్దిగా షాంపూ వేసి తడిపారు. అంచులోని ఎరుపు దిగి, కుచ్చిళ్ల దగ్గర, పమిట మొదట్లో మరకలుగా అంటుకుంది. ఇది అసలు పట్టేనా, చేతి మగ్గం మీద నేసిందేనా అన్న అనుమానం కూడా మీకు వచ్చింది. మీరు ఫోన్ చేస్తే మా వాళ్లు "ఒకసారి తడిపిన చీర వాపసు తీసుకోం" అన్నారు. మీరు పూర్తి డబ్బు వాపసు అడుగుతున్నారు. నవంబర్ 23న మీ అమ్మాయి నిశ్చితార్థానికి ఈ చీరే కట్టుకోవాలనుకున్నారు. ఇందులో ఏదైనా తప్పుగా ఉంటే దిద్ది పంపండి, రికార్డులో మార్చుకుంటాం.

ముందుగా ఫోన్‌లో చెప్పిన ఆ మాట గురించి. తడిపిన చీర వాపసు తీసుకోకూడదన్న నియమం, రంగు నచ్చలేదనో మనసు మారిందనో వెనక్కి పంపే చీరలకు పెట్టుకున్నది. సరుకులో లోపం ఉందన్న ఫిర్యాదుకు అది వర్తించదు. కాబట్టి ఆ కారణంతో మీ ఫిర్యాదును పక్కన పెట్టడం జరగదు. చీరతో వచ్చిన కార్డులో మొదటి మూడు సార్లు డ్రై క్లీనింగ్‌కే ఇవ్వమని రాసి ఉంటుంది. ఆ కార్డును అడ్డం పెట్టుకుని మేం తప్పుకోం. సరిగ్గా అద్ది, సరిగ్గా కడిగిన రంగు ఒక్కసారి చల్లనీళ్లు తగిలినందుకే మీ ఫొటోల్లో కనిపిస్తున్నంతగా దిగకూడదు. ఎందుకు దిగిందో తేల్చాల్సిన బాధ్యత మాది.

ఇకపై మీ ఫిర్యాదు చూసుకునేది మా వినియోగదారుల విభాగంలో పనిచేసే చెరుకుపల్లి సుజాత గారు. ఈ మెయిల్‌కు రిప్లై ఇస్తే నేరుగా ఆమెకే వెళ్తుంది. మీకు ఆర్డర్ వివరాలు వచ్చిన వాట్సాప్ నంబరులో మీ సంభాషణను కూడా ఈ ఉదయం నుంచి ఆమెకే అప్పగించాం. ఫోన్‌లో మాట్లాడాలంటే బిల్లు మీదున్న నంబరుకు చేసి 3 నొక్కండి. సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు ఆమె దొరుకుతారు. లైన్ దొరక్కపోతే "1147" అని ఒక్క మెసేజ్ పెట్టండి, ఆ రోజే తిరిగి చేస్తారు. కొరియర్ పంపడం, మీకు వేరే చీర ఇప్పించడం లాంటివి ఎవరినీ అడగకుండా ఆమే నిర్ణయించవచ్చు. డబ్బు వాపసు కాగితం మీద మాత్రం నా సంతకం కావాలి. ఆమె సెలవులో ఉన్న రోజు నేనే మాట్లాడతాను.

ఇక ఎన్నాళ్లు పడుతుందన్న విషయం. రెండు మూడు రోజుల్లో తేల్చేస్తామని రాయొచ్చు గానీ, అది జరిగే పని కాదు. చీర ఇక్కడికి రావాలి, అద్దకం చేసినవారు చూడాలి, ల్యాబ్‌కు వెళ్లి రావాలి. సుజాత గారు రేపు, అంటే మంగళవారం మీకు ఫోన్ చేసి వీలు కనుక్కుంటారు. రేపు గానీ బుధవారం గానీ కొరియర్ అబ్బాయి మీ ఇంటికే వస్తాడు. ఖర్చు మాదే. శుక్రవారం, నవంబర్ 14కల్లా చీర మాకు అందాలి. అందిన రోజే విప్పి, ఉన్నదున్నట్టు ఫొటోలు తీసి మీకు పంపుతాం. దారిలో కొత్త మరక పడిందా, ముందే ఉందా అన్న వాదన తర్వాత రాకుండా ఇది అవసరం.

సోమవారం, నవంబర్ 17లోపు మా అద్దకం మేస్త్రీ, ఆ చీర నేసిన కుటుంబం కలిసి చూస్తారు. ఇక్కత్‌లో రంగు వేసేది బట్టకు కాదు, పోగులకు. మగ్గం ఎక్కకముందే పోగులను చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట్ల బిగించి కట్టి, ఒక్కో రంగులో ముంచి తీస్తారు. ఎరుపు లాంటి ముదురు రంగు అద్దాక పోగుకు పట్టకుండా మిగిలిన రంగంతా పోయేదాకా నీళ్లు మార్చి మార్చి కడగాలి. ఆ కడగడంలో తొందరపడితే మిగిలిన రంగు పోగులోనే ఉండిపోయి మొదటి తడికి బయటికొస్తుంది. మీ చీరతో పాటు అదే తొట్టిలో అద్దిన ఎర్ర పోగులతో నేసిన చీర ఇంకొకటి మా దగ్గర ఉంది. దాని అంచు నుంచి కొన్ని పోగులు తీసి, మీరు చెప్పినట్టే చల్లనీళ్లలో షాంపూ వేసి, తెల్ల గుడ్డ మీద పెట్టి చూస్తాం. దానికీ రంగు దిగితే ఇక ల్యాబ్ రిపోర్టు కోసం ఆగం, ఆ రోజే మీకు చెప్పేస్తాం.

అసలు పట్టేనా అన్న మీ అనుమానానికి మా మాట సాక్ష్యం కాదు కాబట్టి, కొన్ని పోగులను హైదరాబాద్‌లోని సిల్క్ మార్క్ పరీక్షా కేంద్రానికి పంపుతాం. సిల్క్ మార్క్‌ను నడిపే సంస్థ కేంద్ర పట్టు మండలి కిందది, మాకు దానితో సంబంధం లేదు. రిపోర్టు ఏమి వచ్చినా దాని కాపీ మీకు అందుతుంది. చీరకు వచ్చిన సిల్క్ మార్క్ లేబుల్ మీ దగ్గర ఉంటే దాన్ని కూడా చీరతో పంపండి. పారేసి ఉంటే ఫర్వాలేదు, దాని నంబరు మా బిల్లు పుస్తకంలో ఉంది. డిజైన్ అంచులు గీత గీసినట్టు లేకుండా కాస్త చెదిరినట్టున్నాయని, అది ప్రింట్ ఏమోనని రాశారు. పరీక్షకు ముందే తీర్పు చెప్పను గానీ, ఈ ఒక్కటి మీరు ఇంట్లోనే చూసుకోవచ్చు. చీర తిరగేయండి. ప్రింట్ అయితే వెనక వైపు సాధారణంగా వెలిసినట్టుంటుంది. ఇక్కత్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. ఆ చెదురు కూడా చిటికి కట్టిన పోగులు నేతలో అటూ ఇటూ జరగడం వల్ల వచ్చేదే.

ఇవన్నీ కలిపి మా నిర్ణయం శుక్రవారం, నవంబర్ 28 నాటికి రాతపూర్వకంగా మీకు అందుతుంది. ల్యాబ్‌లో ఆలస్యమైతే ఆ సంగతి 26నే చెబుతాం. ఎంత ఆలస్యమైనా డిసెంబర్ 8 దాటదు. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు మీద ఫిర్యాదును 48 గంటల్లో అందినట్టు తెలపాలని, నెల లోపు పరిష్కరించాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. డిసెంబర్ 8తో ఆ నెల పూర్తవుతుంది.

అద్దకంలో లోపమని తేలినా, అది పట్టు కాదని తేలినా మొత్తం 13,800 రూపాయలు మీరు చెల్లించిన ఖాతాకే వేస్తాం. కొత్త చీర కావాలంటే అదే ఇస్తాం, ఏది కావాలన్నది మీ ఇష్టం. నిర్ణయం చెప్పిన మూడు పనిదినాల్లో డబ్బు పంపుతాం, మీ ఖాతాలో కనబడటానికి బ్యాంకును బట్టి మరికొన్ని రోజులు పట్టొచ్చు. లోపం మాది కాదని తేలితే కారణాలు రాసి ఇస్తాం, మరకలు తీయించే ప్రయత్నం మా ఖర్చుతోనే చేస్తాం. పూర్తిగా పోతాయని మాత్రం హామీ ఇవ్వలేను. ఎటూ తేలకపోతే మీ మాటనే నిజంగా తీసుకుని డబ్బు వాపసు ఇస్తాం.

పై తేదీలు చూస్తే మీకు అర్థమయ్యే ఉంటుంది, ఈ చీర నవంబర్ 23 నాటికి తిరిగి రాదు. దీని మీద ఆశ పెట్టుకోవద్దని ఇప్పుడే చెప్పడం మంచిది. దీనికి బదులు ఇంకో ఏర్పాటు చేశాం. ఇదే ధరలో ఉన్న చీరల ఫొటోలు సుజాత గారు ఈ రోజు సాయంత్రంలోపు మీ వాట్సాప్‌కు పంపుతారు. గురువారం, నవంబర్ 13లోపు ఒకటి ఎంచుకోండి. దాన్ని తడిపి, రంగు దిగడం లేదని చూశాకే పంపుతాం, 19కల్లా మీ చేతికి అందుతుంది. ఇప్పుడు ఒక్క రూపాయి కూడా కట్టనక్కర్లేదు. చివరికి నిర్ణయం మీ వైపు వస్తే ఆ చీర మీదే అవుతుంది, లేదా దాన్ని తిరిగిచ్చి డబ్బు తీసుకోవచ్చు. ఫంక్షన్‌లో కట్టుకున్నారని ఏమీ తగ్గించం. లోపం మాది కాదని తేలితే మాత్రం దాని ధర చెల్లించాల్సి ఉంటుంది. ఈ షరతు ముందే తెలిసి ఉండాలని రాస్తున్నాను, ఇష్టం లేకపోతే వద్దనండి. దాని వల్ల మీ ఫిర్యాదుకు ఏ నష్టమూ ఉండదు.

కొరియర్ వచ్చేదాకా చీరను మళ్లీ తడపకండి. మరకల మీద నిమ్మకాయ, ఉప్పు, బ్లీచ్ లాంటివి వాడకండి, ఇస్త్రీ పెట్టకండి. బ్లీచ్ పట్టును తినేస్తుంది, వేడి తగిలితే మరక ఇంకా గట్టిపడుతుంది. ఇంకా చెమ్మగా ఉంటే నీడన ఆరేసి, తెల్ల నూలు గుడ్డలో చుట్టి ఇవ్వండి. ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దు. వీలైతే రెండు సంగతులు చెప్పండి: ఎంతసేపు నీళ్లలో నానింది, ఏ షాంపూ వాడారు. తప్పు మీ మీద వేయడానికి కాదు, ఇక్కడ పరీక్ష కూడా అలాగే చేయాలి కాబట్టి అడుగుతున్నాం.

మా జవాబు మీకు సరిపోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు, అందుకు చట్టం రెండేళ్ల గడువు ఇస్తుంది. మా విచారణ పూర్తయ్యేదాకా ఆగాలన్న నియమం ఏమీ లేదు.

ఇంట్లో శుభకార్యం పెట్టుకుని ఈ టెన్షన్ కూడా పడాల్సి రావడం మాకూ బాధగా ఉంది. సుజాత గారు రేపు ఉదయం 11 గంటల ప్రాంతంలో ఫోన్ చేస్తారు. ఆ సమయం కుదరకపోతే ఎప్పుడు చేయమంటారో ఈ మెయిల్‌కే రాయండి.

ఇట్లు,
ఎన్. భాస్కర్
ఫిర్యాదుల పరిష్కార అధికారి

కాపీ: చెరుకుపల్లి సుజాత, వినియోగదారుల విభాగం