మోకాలి మార్పిడి కేస్ ప్రెజెంటేషన్ తర్వాత ప్రశ్నలు, జవాబులు

విశాఖపట్నం, ఫిజియోథెరపీ విభాగం, శనివారం కేస్ మీటింగ్

కేసు: 62 ఏళ్ల మహిళ, 58 కిలోలు, ఎడమ మోకాలి కీలు మార్పిడి జరిగి 7 వారాలు. కైలాసపురం కొండవాలులో ఇల్లు. రోడ్డు నుంచి గుమ్మం దాకా 64 మెట్లు, ఒక్కోటి దాదాపు 19 సెంటీమీటర్లు. సగం దాకానే రెయిలింగ్. ఔట్‌పేషెంట్‌గా 3వ వారంలో మొదలుపెట్టాం.

సీనియర్ ఫిజియో: స్లైడ్‌లో టగ్, అంటే కుర్చీలోంచి లేచి నడిచి వచ్చి మళ్లీ కూర్చునే టైము, 16.8 సెకన్ల నుంచి 14.6కి తగ్గిందని, పక్కన "మెరుగుదల" అని రాశారు. 2.2 సెకన్ల తేడా. దాన్ని మెరుగుదల అనొచ్చా?

ప్రెజెంటర్: అనకూడదు సర్. మోకాలు, తుంటి కీళ్ల రోగుల్లో టగ్‌కి వాడే కనిష్ఠ గుర్తించదగ్గ మార్పు 2.49 సెకన్లు. 2.2 అంతకంటే తక్కువ, కొలతలో వచ్చే తేడాలోనే పడిపోతుంది. పైగా మా వైపు ఇంకో తప్పు ఉంది. మొదటిసారి చేతులున్న 46 సెంటీమీటర్ల కుర్చీ వాడాం. 7వ వారంలో ఆ కుర్చీ వేరే గదిలో ఉండిపోయింది, 43 సెంటీమీటర్ల కుర్చీలో చేయించాం. తక్కువ ఎత్తు నుంచి లేవడం కష్టం, అంచేత అసలు మార్పు ఇంకా ఎక్కువే ఉండొచ్చు. ఉండొచ్చు అన్న మాట మీద స్లైడ్ వేయకూడదు. ఆ పదం తీసేస్తాను.

సీనియర్ ఫిజియో: కుర్చీ ఎత్తు, చెప్పులు, కర్ర ఉందా లేదా, ఎన్ని ట్రయల్స్, ఏ ట్రయల్ తీసుకున్నారు. ఇవన్నీ షీట్ మీదే ఉండాలి. లేకపోతే వచ్చే ఇంటర్న్ చేసేది వేరే పరీక్ష.

ఇంటర్న్: మేడమ్, 6 నిమిషాల నడక ఎందుకు చేయలేదు?

ప్రెజెంటర్: మన కారిడార్ 20 మీటర్లే. ప్రామాణిక ట్రాక్ 30 మీటర్లు. పొట్టి ట్రాక్‌లో మలుపులు ఎక్కువ, దూరం తగ్గుతుంది, బయటి విలువలతో పోల్చలేం. మన కారిడార్‌లోనే ప్రతిసారీ చేసి ఆమెను ఆమెతోనే పోల్చుకోవచ్చు. కానీ ఈమె సమస్య సమతలం మీద నడక కాదు. అందుకే దాన్ని వదిలి విభాగంలోని 12 మెట్లు ఎక్కి దిగే టైము తీశాను. 3వ వారంలో 46 సెకన్లు. ఇప్పుడు ఒకే రోజు పది నిమిషాల విరామంతో మూడుసార్లు తీస్తే 31, 33, 30. అంటే ఆమెలోనే 3 సెకన్ల ఊగిసలాట ఉంది. 46 నుంచి 31కి తేడా ఆ ఊగిసలాటకు చాలా అవతల ఉంది.

ఆర్థో పీజీ: నొప్పి పదికి 6 నుంచి 3కి తగ్గిందన్నారు. 2 పాయింట్లు దాటింది కదా, చాలు.

ప్రెజెంటర్: అంకె చూస్తే చాలు సర్. కానీ 4వ వారం నుంచి ఆమె కొండ కింద చెల్లెలింట్లో ఉంటున్నారు, ఇంటి మెట్లు మానేశారు. లోడు తీసేస్తే నొప్పి తగ్గడం వింత కాదు. అందుకే ఇప్పుడు "విభాగంలో మెట్లు దిగుతున్నప్పుడు ఎంత" అని విడిగా అడుగుతున్నాం. అది 5.

ఇంటర్న్: ఎక్స్‌టెన్షన్ ల్యాగ్ 12 డిగ్రీల నుంచి 5కి వచ్చింది. హీల్ ప్రాప్ ఇంకా కొనసాగించాలా?

ప్రెజెంటర్: ఇక్కడే చాలామందిమి పొరబడతాం. హీల్ ప్రాప్, అంటే మడమ కింద ఎత్తు పెట్టి మోకాలిని వదిలేయడం, పాసివ్ ఎక్స్‌టెన్షన్ కోసం, అంటే తన కండరం వాడకుండా మోకాలు నిటారు కావడానికి. ఈమెకి మొదట పూర్తి నిటారుకి 5 డిగ్రీలు తక్కువ ఉండేది, ఇప్పుడు సున్నా వచ్చేసింది, ఇక దాన్ని నిలుపుకోవడానికి రోజుకి ఒకసారి చాలు. ల్యాగ్ అంటే పాసివ్‌గా వచ్చినంత తన కండరంతో నిటారు చేయలేకపోవడం. అది తొడ ముందు కండరం క్వాడ్రిసెప్స్ బలహీనత, సాగదీస్తే పోదు. ఇక 5 డిగ్రీలు అంటే కోణం కొలిచే గోనియోమీటర్ పొరపాటు అంతే ఉంటుంది. మిగిలింది బలం పని.

లెక్చరర్: ఆ బలం కోసం ఏం ఇచ్చారు? డోసు చెప్పండి, "స్ట్రెంగ్తెనింగ్" అంటే నాకు ఏమీ తెలియదు.

ప్రెజెంటర్: 3వ వారం నుంచి 5వ వారం దాకా ఎన్‌ఎంఈఎస్, అంటే కరెంటుతో కండరాన్ని బిగించడం: 50 హెర్ట్జ్, 250 మైక్రోసెకన్లు, 15 సెకన్లు ఆన్, 45 ఆఫ్, 15 సంకోచాలు. తొడ పైభాగం బయటివైపు ఒక పెద్ద ఎలక్ట్రోడ్, కింద మోకాలి లోపలివైపు కండరం మీద ఇంకోటి. ఊరికే తిమ్మిరి పుట్టించే కరెంటు పనికిరాదు, కండరం కనబడేలా బిగుసుకోవాలి. దానితోపాటే ఆమె కూడా బిగించాలి. 5వ వారం నుంచి స్టెప్-అప్: 10 సెంటీమీటర్ల పీట, 3 సెట్లు, 8 సార్లు. చివరి రెండు కష్టంగా, కానీ వంకర పోకుండా అయితే 15కి, ఆ తర్వాత 19కి. ఇప్పుడు 15 మీద ఉన్నారు. స్టెప్-డౌన్ గత వారం నుంచే సరిగ్గా మొదలైంది, 10 మీద, మూడు సెకన్లలో నెమ్మదిగా దిగాలి.

లెక్చరర్: దిగడం ఆలస్యంగా ఎందుకు?

ప్రెజెంటర్: దిగేటప్పుడు పైనున్న కాలే శరీర బరువును నెమ్మదిగా కిందికి వదలాలి. 5వ వారంలో పెట్టినప్పుడు మోకాలు లోపలికి వాలిపోయింది, మర్నాడు పటెల్లా, అంటే మోకాలి చిప్ప, మధ్య చుట్టుకొలత 1.5 సెంటీమీటర్లు పెరిగింది. రెండు రోజులు లోడు తగ్గించి, గత వారం ఎత్తు దించి మళ్లీ పెట్టాం. మన నియమం: చేసేటప్పుడు నొప్పి 4 దాటకూడదు, 24 గంటల్లో మామూలుకి రావాలి, వాపు సెంటీమీటరు పెరిగితే వెనక్కి.

సీనియర్ ఫిజియో: కుర్చీ నుంచి లేవడంలో మంచి కాలు మీదే వాలిపోతుంటారు. చూశారా?

ప్రెజెంటర్: రెండు బరువు తూచే మెషీన్లు, ఒక్కో కాలి కింద ఒకటి. తుంటి కుర్చీ వదిలిన క్షణంలో ఆగి రెండు సెకన్లు నిలబెట్టాను. కుడి 37, ఎడమ 21. కుడి పాదం అరడుగు ముందుకి జరిపితే ఎడమ 27కి వచ్చింది, ఇంటి వ్యాయామం అదే. 30 సెకన్ల చైర్ స్టాండ్‌లో లేచి కూర్చునే సంఖ్య 7 నుంచి 10కి పెరిగినా, ఆ పెరుగుదల కుడికాలిది అయ్యే ప్రమాదం ఉంది. సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతాం.

ఇంటర్న్: మోకాలి పనితీరు అడిగే ఆక్స్‌ఫర్డ్ నీ స్కోర్ ప్రశ్నలు తెలుగులో చదివి వినిపిస్తే సరిపోతుందా?

ప్రెజెంటర్: మేం చేసిన తప్పు అదే. మోకాళ్ల మీద నిలబడి లేవగలరా అన్న ప్రశ్నని ఇంటర్న్ అప్పటికప్పుడు అనువదిస్తే, ఆమె గొంతుక్కూర్చోవడం అనుకుని "అస్సలు కాదు" అన్నారు. మర్నాడు ఇంకొకరు అడిగితే వేరే జవాబు. ధృవీకరించిన అనువాదం లేకుండా మాటల్లో తర్జుమా చేసిన స్కోరుని నేను రిపోర్టులో పెట్టను. దాని బదులు పీఎస్‌ఎఫ్‌ఎస్ వాడాం, ఆమె పనులే ఆమె మాటల్లో, ఒక్కోదానికి పదికి మార్కు. 64 మెట్లు ఎక్కడం 2 నుంచి 5, పీట మీద కూర్చుని చేపలు శుభ్రం చేయడం 1 నుంచి 3, మంచం మీంచి లేవడం 4 నుంచి 7. సగటు 2.3 నుంచి 5. సగటులో 2 పాయింట్లు దాటితే నిజమైన మార్పుగా తీసుకుంటాం, దాటింది.

ఆర్థో పీజీ: ఇప్పుడు మోకాలు వంగే 104 డిగ్రీలు పీట మీద కూర్చోవడానికి చాలవు.

ప్రెజెంటర్: చాలవు. ఆ లక్ష్యం ముందు సర్జన్‌తో మాట్లాడాలి, ఇంప్లాంట్ పరిమితి బట్టి. ఈలోపు 40 సెంటీమీటర్ల స్టూలు సూచించాం.

ఇంటర్న్: ఆమె సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్లొచ్చా అని అడిగారట?

ప్రెజెంటర్: అవును. 32 కిలోమీటర్లు. ఈ ఆషాఢానికి కాదని చెప్పాం. వచ్చే సంవత్సరం మాట, ముందు ఇంటి మెట్లు. తర్వాతి కొలతలు 10వ వారంలో: అదే 46 సెంటీమీటర్ల కుర్చీ, అవే 12 మెట్లు, ఉదయం పూటే, వ్యాయామానికి ముందు. కుర్చీ కాలికి టేపు అంటించి రాశాం, ఎవరూ తీసుకెళ్లొద్దు.