ఇరవై రూపాయల బీమా: పాసుపుస్తకం తెరిచి చూడండి

గ్రామసభల్లో, స్వయం సహాయక సంఘాల సమావేశాల్లో ప్రదర్శించే అవగాహన వీడియోకు పూర్తి పాఠం
నిడివి: సుమారు పదకొండు నిమిషాలు
ఆధారం: ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన పునరుద్ధరణ గురించి బ్యాంకు శాఖలకు వచ్చిన సర్క్యులర్
మాట్లాడేవారు: గ్రామంలోని బ్యాంకు మిత్ర, సంఘం సభ్యురాలైన పెద్దమ్మ, గీత కార్మికుడు

చిత్రీకరణ బృందానికి: సర్క్యులర్‌లో సగానికి పైగా బ్యాంకులకూ బీమా కంపెనీలకూ మధ్య జరగవలసిన లెక్కలే ఉన్నాయి, అవి చూసేవారికి అక్కరలేదు గనుక వదిలేశాను. 'చందాదారు' అన్న చోటల్లా 'ఖాతా ఉన్న మనిషి' అనీ, 'క్లెయిమ్ సమర్పణ' అన్న చోట 'బీమా డబ్బు అడగడం' అనీ రాశాను. నామినీ, ప్రీమియం అన్న మాటలను మాత్రం ముట్టుకోలేదు. బ్యాంకులో వినిపించేవి ఆ మాటలే. వాటికి బదులు మనం కల్పించిన తెలుగు మాట నేర్పి పంపితే అక్కడ ఎవరికీ అర్థం కాదు.

మొదటి దృశ్యం
(పంచాయతీ కార్యాలయం అరుగు. బ్యాంకు మిత్ర చేతిలో పాసుపుస్తకం. కెమెరా ఒక వరుస మీద నిలుస్తుంది: PMSBY, పక్కన 20.00.)

బ్యాంకు మిత్ర: పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం. మీలో చాలామంది ఈ వరుస చూపించి, నా ఇరవై రూపాయలు ఎవరు తీసుకున్నారని నన్ను అడిగారు. ఒక అన్న అయితే బ్యాంకు దొంగతనం చేసిందని నలుగురిలోనూ అన్నారు. ఆ డబ్బును ఎవరూ దొంగిలించలేదు. ఖాతా తెరిచిన రోజునో, ఆ తరువాతో మీరు ఒక కాగితం మీద సంతకం చేసో, వేలిముద్ర వేసో ఇచ్చిన అనుమతి ప్రకారం, ఏడాదికి ఒకసారి మీ పేరు మీద ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన అనే ప్రమాద బీమాకు కట్టిన ప్రీమియం అది. ఈ పథకం 2015లో మొదలైనప్పుడు ప్రీమియం పన్నెండు రూపాయలు ఉండేది. 2022 జూన్ నుంచి ఇరవై రూపాయలు అయింది.

పెద్దమ్మ: ఇరవై రూపాయలకు ఏమిస్తారమ్మా?

బ్యాంకు మిత్ర: ఖాతా ఉన్న మనిషి ప్రమాదంలో చనిపోతే, వారు నామినీగా రాయించిన వారికి రెండు లక్షల రూపాయలు వస్తాయి. ప్రాణం దక్కినా రెండు కళ్లు గానీ, రెండు చేతులు గానీ, రెండు కాళ్లు గానీ పూర్తిగా, తిరిగి బాగుపడే వీలు లేకుండా పోయినా, ఒక కన్నుతో పాటు ఒక చెయ్యో కాలో పోయినా అదే రెండు లక్షలు ఆ ఖాతా ఉన్న మనిషికే వస్తాయి. ఒక కన్ను చూపు గానీ, ఒక చెయ్యి గానీ, ఒక కాలు గానీ పోతే లక్ష రూపాయలు వస్తాయి. పద్దెనిమిది ఏళ్లు నిండి డెబ్బై ఏళ్ల లోపు ఉండి, బ్యాంకులోనో పోస్టాఫీసులోనో పొదుపు ఖాతా ఉన్న ఎవరైనా ఇందులో చేరవచ్చు. రేషన్ కార్డు రంగు, కులం, భూమి, వీటిలో ఏదీ అడగరు.

రెండవ దృశ్యం
(తాటివనం. గీత కార్మికుడు మోకు సరిచూసుకుంటున్నాడు.)

గీత కార్మికుడు: ప్రమాదం అంటే బస్సు గుద్దడమే కదా అనుకున్నాను. నేను చెట్టు మీద నుంచి పడితే అది నా పనిలో ఉన్న కష్టమే తప్ప ప్రమాదం కింద లెక్కకు రాదని మావాళ్లు అంటారు.

బ్యాంకు మిత్ర: లెక్కకు వస్తుంది అన్నా. చెట్టు మీద నుంచి పడడం, పాము కాటు, చెరువులో మునిగిపోవడం, రోడ్డు ప్రమాదం, వరదలో కొట్టుకుపోవడం, ఇవన్నీ ప్రమాదాలే. అయితే జరిగింది ప్రమాదమేనని చూపించే కాగితం ఉండాలి. ఏ ప్రమాదానికి ఏ కాగితం కావాలన్నది ఈ బీమా గురించి బ్యాంకుకు వచ్చిన సర్క్యులర్‌లో అన్నింటికన్నా విలువైన భాగం. దానిని ఎక్కడో చివరి పేజీలో చిన్న అక్షరాలతో వేశారు, నేను ముందుకు తెచ్చి చెబుతాను.

(తెరపై రెండు బొమ్మలు: పోలీసు స్టేషన్, ఆసుపత్రి.)

రోడ్డు మీద, రైలు పట్టాల మీద జరిగిన ప్రమాదమైనా, నీళ్లలో మునిగినా, ఎవరైనా దాడి చేసి చంపినా పోలీసులకు తప్పకుండా తెలియజేయాలి. వారు రాసే ఎఫ్‌ఐఆర్ గానీ పంచనామా గానీ, ఆ తరువాత పోస్టుమార్టం నివేదిక గానీ లేకపోతే బీమా కంపెనీ వద్ద మన మాటకు బలం ఉండదు. మనిషే పోయాక ఆ శరీరాన్ని మళ్లీ కోయించడం ఎందుకని ఇంట్లో పెద్దలు అడ్డుపడడం నేను చూశాను, ఆ బాధ నాకు తెలుసు. అయినా ఆ ఒక్క పూట ఓర్చుకోవాలని వారిని ఒప్పించగలిగేది దగ్గరి బంధువులైన మీరే.

పాము కాటు, చెట్టు మీద నుంచి పడడం వంటివాటికి మొదటి ఆధారం ఆసుపత్రి చీటీ. అది వెంటనే వెళ్లినప్పటి చీటీ అయి ఉండాలి. పాము కరిచిన మనిషిని మంత్రం వేసేవారి దగ్గర కూర్చోబెట్టి, రాత్రంతా గడిపి, తెల్లవారి ఆసుపత్రికి తీసుకువెళితే ప్రాణానికీ ముప్పే, కాగితానికీ ముప్పే. విషానికి విరుగుడు మందు ఉండేది ఆసుపత్రిలోనే. డాక్టరు చీటీ రాసేటప్పుడు ఏ వేళకు ఎక్కడ పాము కరిచిందో, ఏ చెట్టు మీద నుంచి పడ్డారో స్పష్టంగా చెప్పి రాయించుకోండి. 'స్పృహ లేదు' అని మాత్రమే రాసి ఉన్న చీటీ బీమాకు అక్కరకు రాదు.

మూడవ దృశ్యం
(సంఘం సమావేశం. మహిళలు చాపల మీద కూర్చున్నారు.)

పెద్దమ్మ: మా మరిది గుండె ఆగి పోయాడు. అతనికీ ఈ ఇరవై రూపాయలు కట్ అయ్యాయి. అడిగితే రాదన్నారు.

బ్యాంకు మిత్ర: నిజమే పెద్దమ్మా, రాదు. ఇది ప్రమాదానికి మాత్రమే ఉన్న బీమా. జబ్బుతో పోయినా, గుండెపోటుతో పోయినా, ఆత్మహత్య చేసుకున్నా ఇందులో డబ్బు రాదు. ఈ మాట చెప్పడానికి కష్టంగానే ఉంటుంది గానీ, చెప్పకుండా దాచి మిమ్మల్ని బ్యాంకు చుట్టూ తిప్పించడం అంతకన్నా పెద్ద తప్పు. ఏ కారణంతో మరణించినా రెండు లక్షలు ఇచ్చే పథకం వేరే ఉంది, దాని పేరు ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా యోజన. దానికి పద్దెనిమిది నుంచి యాభై ఏళ్ల లోపు వారు చేరవచ్చు, ఏడాదికి నాలుగు వందల ముప్పై ఆరు రూపాయలు. కొత్తగా చేరిన వారికి మొదటి ముప్పై రోజుల్లో ప్రమాద మరణానికి తప్ప మరే మరణానికీ అది వర్తించదు. రెండింటిలోనూ చేరవచ్చు, ఒకటి ఉందని రెండవది ఆపరు.

(తెరపై: మే 31, జూన్ 1.)

బీమా ఏడాది జూన్ 1న మొదలై మరుసటి మే 31తో ముగుస్తుంది. మే నెలాఖరున ఖాతాలో ఇరవై రూపాయలు కూడా లేకపోతే ప్రీమియం కట్ కాదు, బీమా ఆగిపోతుంది. ఇది చిన్న మాటలా అనిపిస్తుంది గానీ, కూలి డబ్బులు పడిన రోజే మొత్తం తీసుకునే అలవాటు ఉన్న మనకు ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే. మే నెలలో కనీసం వంద రూపాయలు ఖాతాలో వదలండి. ప్రతి ఏడాదీ ఆ ఇరవై రూపాయల వరుస పాసుపుస్తకంలో పడిందో లేదో ప్రింటు వేయించి చూసుకోండి.

పెద్దమ్మ: మా అబ్బాయికి మూడు బ్యాంకుల్లో ఖాతాలు ఉన్నాయి. మూడింట్లో కట్టిస్తే ఆరు లక్షలు వస్తాయేమో?

బ్యాంకు మిత్ర: రావు. ఒక మనిషికి ఒక ఖాతా ద్వారానే బీమా. మూడు చోట్ల కట్ అయినా వచ్చేది రెండు లక్షలే, మిగిలిన రెండు చోట్ల కట్టినది పోయినట్టే. ఒక ఖాతాలో ఉంచి, మిగిలిన బ్యాంకుల్లో ఆపమని రాసి ఇవ్వమనండి. మీరు వేరే కంపెనీ వద్ద డబ్బు కట్టి చేయించుకున్న బీమా ఉంటే అది దేని దారి దానిదే, అదీ వస్తుంది, ఇదీ వస్తుంది.

నాలుగవ దృశ్యం
(బ్యాంకు మిత్ర నేరుగా కెమెరా వైపు.)

అనుకోనిది జరిగినప్పుడు ఇంటివాళ్లు ఏం చేయాలో వినండి. ముందుగా పంచాయతీ కార్యదర్శి దగ్గర మరణాన్ని ఇరవై ఒక్క రోజుల లోపు నమోదు చేయించండి, ఆ గడువులో అయితే ఫీజు ఉండదు. ఆ తరువాత ప్రీమియం ఏ ఖాతా నుంచి కట్ అయిందో ఆ బ్యాంకు శాఖకే వెళ్లి బీమా డబ్బు అడిగే ఫారం తీసుకోండి. ప్రమాదం జరిగిన ముప్పై రోజుల లోపు నింపి ఇవ్వాలని నియమం. కర్మకాండలు, బంధువుల రాకపోకలతోనే నెల గడిచిపోతుందని నాకు తెలుసు. అందుకే ఈ పని ఇంట్లోని ఒక్కరు, దుఃఖంలో కాస్త నిలదొక్కుకున్న తోడికోడలో మేనల్లుడో తమ మీద వేసుకోవాలి. గడువు దాటిందని మీకు మీరే తీర్పు చెప్పుకొని ఇంట్లో కూర్చోకండి, బ్యాంకుకు వెళ్లి అడగండి.

ఫారంతో పాటు మరణ ధ్రువపత్రం, పోలీసు కాగితం, పోస్టుమార్టం నివేదిక, ప్రమాదాన్ని బట్టి ఆసుపత్రి కాగితాలు, నామినీ ఆధార్, నామినీ బ్యాంకు ఖాతా వివరాలు పెట్టాలి. అంగవైకల్యం అయితే సివిల్ సర్జన్ ఇచ్చే వైకల్య ధ్రువపత్రం కావాలి. ప్రతి కాగితానికీ జిరాక్స్ మీ దగ్గర ఉంచుకొని, ఇచ్చిన ఫారానికి తేదీతో రసీదు అడిగి తీసుకోండి. రసీదు లేకుండా 'ఇచ్చి వెళ్లండి, చూస్తాం' అంటే అక్కడి నుంచి కదలకండి, అది మీ హక్కు.

ఈ పనికి ఎవరికీ పైసా ఇవ్వనక్కరలేదు. నాకూ ఇవ్వనక్కరలేదు. ఫోను చేసి, బీమా డబ్బు వచ్చింది, ఓటీపీ చెప్పండి అన్నవాడు మోసగాడు.

(తెరపై ఉచిత ఫోను నంబర్లు పెద్ద అక్షరాల్లో: 1800-180-1111, 1800-110-001.)

సందేహం ఉంటే ఈ నంబర్లకు ఫోను చేయవచ్చు, డబ్బు పడదు.

ఐదవ దృశ్యం
(పెద్దమ్మ ఇల్లు. ఇనుప పెట్టె తెరిచి, బట్టల అడుగు నుంచి పాసుపుస్తకం తీసి బ్యాంకు మిత్రకు ఇస్తుంది. బ్యాంకు మిత్ర తన చిన్న యంత్రం మీద పెద్దమ్మ వేలిముద్ర తీసుకొంటుంది.)

చిత్రీకరణ బృందానికి: ఈ దృశ్యానికి సంగీతం వద్దు. పెట్టె మూత చప్పుడు వినిపిస్తే చాలు.

బ్యాంకు మిత్ర: బీమా ఉన్నట్టు మీ ఇంట్లో ఎవరికైనా తెలుసా పెద్దమ్మా?

పెద్దమ్మ: నాకే ఈ రోజు తెలిసింది కదా.

బ్యాంకు మిత్ర: ఈ ఏడాది ఇరవై రూపాయలు కట్ అయ్యాయి, బీమా నడుస్తోంది. నామినీగా ఎవరిని రాయించారో గుర్తుందా?

పెద్దమ్మ: మా ఆయనను. అప్పుడు ఆయన ఉన్నాడు.

(కాసేపు మౌనం.)

బ్యాంకు మిత్ర: పెద్దమ్మాయి ఆధార్ జిరాక్స్ తీసుకొని రేపు పదింటికి బ్యాంకుకు రండి, నామినీ మార్పు ఫారం నేను దగ్గర కూర్చుని నింపిస్తాను. అమ్మాయిని కూడా వెంట తీసుకురండి. ఈ పుస్తకం ఏ పెట్టెలో ఉందో, దీనిలో ఏముందో ఆమెకు తెలియాలి.

(పెద్దమ్మ పాసుపుస్తకాన్ని మళ్లీ బట్టల అడుగున పెట్టబోయి, ఆగి, గోడ మీద క్యాలెండరు పక్కన మేకుకు తగిలించిన సంచిలో పెడుతుంది.)