డీలర్ సపోర్ట్ ఎగ్జిక్యూటివ్ (వరంగల్ ఏరియా) ఉద్యోగానికి దరఖాస్తు – రాజేందర్, బీకాం కంప్యూటర్స్

హెచ్ఆర్ మేనేజర్ గారికి,

నమస్కారం. ఎరువులు, విత్తనాల డీలర్లతో రోజూ మాట్లాడి వాళ్ల స్టాకు, కాగితాలు సరిగ్గా ఉండేలా చూసే మనిషి కావాలని మీరిచ్చిన ప్రకటన చూశాను. ఆ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. ఉత్తరం తెలుగులోనే ఉండాలని, చదువుకీ ఉద్యోగానికీ మధ్య ఏడాది దాటి ఖాళీ ఉంటే వివరం రాయాలని, డీలర్లకు పంపే నోటీసు ఒకటి నమూనాగా జత చేయాలని అడిగారు. మూడూ ఈ మెయిల్‌లోనే ఉన్నాయి.

కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీలో 2021లో బీకాం కంప్యూటర్స్ పూర్తి చేశాను. ఇప్పుడు హనుమకొండలో ఒక ఎరువుల దుకాణంలో లెక్కలు, స్టాకు చూస్తున్నాను. టాలీలో కొనుగోళ్లు, అమ్మకాల ఎంట్రీలు, ఈ-పాస్ మిషన్ మీద బిల్లింగ్, సాయంత్రం స్టాకు సరిచూడటం నా పని. 2025 ఏప్రిల్ నుంచి రోజంతా ఇక్కడే ఉంటున్నాను. అంతకు ముందు సీజన్లలో మాత్రమే, అంటే వానాకాలం, యాసంగి రద్దీ ఉన్నప్పుడు, పూటపని చేసేవాణ్ణి.

2022 నుంచి 2025 మార్చి దాకా నా ప్రధానమైన పని గ్రూప్ పరీక్షల ప్రిపరేషన్. రెజ్యూమెలో దాన్ని విడి శీర్షిక కింద పెట్టాను. ఇన్నేళ్లు ఎందుకు పట్టిందన్నది మీకు వచ్చే మొదటి ప్రశ్న కాబట్టి తేదీలు చెబుతాను. గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో 783 పోస్టులతో వచ్చింది. పరీక్ష ముందు 2023 ఆగస్టుకి పెట్టారు. అక్కణ్ణుంచి నవంబరుకి, ఆ తర్వాత 2024 జనవరికి, మళ్లీ ఆగస్టుకి వాయిదా పడి, చివరికి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. ఈలోగా గ్రూప్-4 పరీక్ష 2023 జులై 1న, గ్రూప్-3 పరీక్ష 2024 నవంబరు 17, 18 తేదీల్లో అయ్యాయి. మూడూ రాశాను. గ్రూప్-2, గ్రూప్-3 జనరల్ ర్యాంకింగ్ జాబితాలు 2025 మార్చిలో వచ్చాయి. నా ర్యాంకులు సర్టిఫికెట్ల పరిశీలనకు పిలిచే పరిధిలోకి రాలేదు. గ్రూప్-4లోనూ ఎంపిక కాలేదు. ప్రస్తుతం నాకు రావలసిన ఫలితం ఏదీ లేదు.

వాయిదాల గురించి ఫిర్యాదేమీ లేదు. తేదీ ఎన్నిసార్లు మారినా సిలబస్‌ని చేతిలో ఉంచుకోవడం ఆ పరీక్షలో ఒక భాగమే. గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 ప్రశ్నలు, మొత్తం 600 మార్కులు. ఇందులో మీ పనికి దగ్గరగా వచ్చేది పేపర్-3, ఆర్థిక వ్యవస్థ. తెలంగాణ వ్యవసాయం, సాగునీరు, భూ కమతాలు, ఎరువుల సబ్సిడీ, పంట రుణాలు అందులో పాఠాలే. సామాజిక ఆర్థిక సర్వే ప్రతులు, బడ్జెట్ పత్రాలు, జీవోలు దగ్గర పెట్టుకుని చదివాను. అవి ఎక్కువగా ఇంగ్లిషులో ఉంటాయి, పరీక్ష రాసింది తెలుగులో. ఒక ఇంగ్లిషు ఉత్తర్వు చదివి, అందులో ఎవరికి, ఏ తేదీ లోపు, ఏం చేయాలన్నది తెలుగులో నాలుగు వాక్యాల్లోకి దించడం అప్పుడు రోజువారీ పని. మీ ప్రకటనలో 'సర్క్యులర్లు డీలర్లకు అర్థమయ్యేలా తిరగరాయాలి' అన్న లైను చూశాకే ఈ ఉద్యోగానికి రాయాలనిపించింది.

చదివిన పద్ధతి గురించి ఒక్క విషయం చెప్తాను, మిగతాది ఇంటర్వ్యూలో అడిగితే చెప్పగలను. మాక్ టెస్టు రాసిన ప్రతిసారీ తప్పుల్ని ఎక్సెల్ షీటులో ఎక్కించేవాణ్ణి. ప్రశ్న నంబరు, అంశం, తప్పుకి కారణం అని మూడు గడులు. కారణాలు కూడా మూడే పెట్టుకున్నాను: తెలియదు, తెలిసినా మర్చిపోయాను, ప్రశ్న సరిగ్గా చదవలేదు. నెలాఖరున పివట్ వేస్తే ఏ అంశంలో ఏ కారణం ఎక్కువో కనిపిస్తుంది. 'తెలియదు' అన్నదానికి పుస్తకం తీయాలి, 'సరిగ్గా చదవలేదు' అన్నదానికి పుస్తకం తీసినా లాభం లేదు, టైము పెట్టుకుని పాత పేపర్లు చేయాలి. ఇదే అలవాటు దుకాణంలో స్టాకు తేడాల మీద వాడుతున్నాను. తేడా వచ్చిన ప్రతి బస్తాకీ కారణం రాసి పెడితే వారం తిరిగేసరికి పొరపాటు ఎక్కడ జరుగుతోందో తెలిసిపోతోంది. చాలాసార్లు అది లెక్కల్లో ఉండదు, లారీ దిగే చోటే ఉంటుంది.

కొత్త నోటిఫికేషన్ వస్తే వెళ్లిపోతానా అన్నది రెండో ప్రశ్న. వెళ్లను. మార్చిలో జాబితాలు వచ్చాక ప్రిపరేషన్ ఆపేశాను, స్టడీ హాల్ సీటు వదిలేశాను, పుస్తకాలు అక్కడ చదువుతున్న జూనియర్లకు ఇచ్చేశాను. పరీక్షలకు ఇవ్వాలనుకున్న కాలం ఇచ్చాను. ఇక చేయాలనుకున్న పని ఇదే.

నాకు లేని అనుభవం కూడా చెప్పాలి. పెద్ద కంపెనీ ఆఫీసులో, టార్గెట్ల మీద, ఎస్ఏపీ లాంటి సాఫ్ట్‌వేర్ మీద పని చేయలేదు. టాలీ, ఎక్సెల్‌లో వీ-లుకప్, పివట్, తెలుగు యూనికోడ్ టైపింగ్ వచ్చు. మీ సాఫ్ట్‌వేర్‌లో డీలర్ లెడ్జర్, ఇండెంట్, ఇన్వాయిస్ ఈ మూడు స్క్రీన్లు మొదటి నెలలోనే సొంతంగా చేసే స్థాయికి రావాలన్నది నా లెక్క. ఏరియా విషయానికొస్తే, నర్సంపేట, పరకాల, వర్ధన్నపేట వైపు దుకాణాలకు బండి మీద వెళ్లిరావడం ఇబ్బంది కాదు. టూ వీలర్ లైసెన్సు ఉంది.

మీరు అడిగిన నమూనా నోటీసు కింద ఇస్తున్నాను. దుకాణంలో కౌంటరు వెనక గోడకి అంటించుకునేలా, ఒక్క పేజీలో సరిపోయేలా రాశాను.

*

డీలర్లకు సూచన: ఈ-పాస్ స్టాకు, గోడౌన్ స్టాకు ఒకటిగా ఉంచుకోవడం

సబ్సిడీ ఎరువు అమ్మినట్టు లెక్కలోకి వచ్చేది మిషన్ మీద రైతు ఆధార్‌తో బిల్లు పడినప్పుడే. తనిఖీకి వచ్చిన అధికారి ముందు చూసేది మూడు అంకెలు: మిషన్‌లో స్టాకు, రిజిస్టరులో స్టాకు, గోడౌన్‌లో లెక్కపెట్టిన బస్తాలు. మూడూ ఒకటి కాకపోతే వివరణ ఇవ్వాల్సింది మీరే.

లారీ వచ్చినప్పుడు: డ్రైవరు ఉండగానే బస్తాలు లెక్కపెట్టండి. చిరిగినవి, తడిసినవి పక్కన పెట్టించి, ఎన్ని అన్నది చలాన్ మీదే రాసి డ్రైవరు చేత సంతకం చేయించండి. లారీ కదిలాక చెప్పే తక్కువ బస్తాలకు రుజువు ఉండదు. అదే రోజు మిషన్‌లో ఆ స్టాకు వచ్చినట్టు ఒప్పుకోండి. ఇన్వాయిస్‌లో ఉన్న పరిమాణం, మిషన్ చూపించే పరిమాణం వేరుగా ఉంటే ఒప్పుకోకుండా ముందు మాకు ఫోన్ చేయండి. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ బస్తా 50 కిలోలు. టన్నుల్ని బస్తాల్లోకి మార్చేటప్పుడు ఈ రెండూ కలిపేయడం వల్లే చాలా తేడాలు వస్తాయి.

అమ్మేటప్పుడు: ముందు వేలిముద్ర, తర్వాత బిల్లు, ఆ తర్వాతే బస్తా. పొలం పనులు చేసే చేతులకు వేలిముద్ర ఒక్కోసారి పడదు. వేలు తుడిపించి, మరో వేలితో ప్రయత్నించండి. 'బస్తా తీసుకెళ్లు, రేపొచ్చి వేలు పెట్టు' అని తెలిసినవాళ్లకు ఇవ్వకండి. రేపు అన్నవాళ్లు సీజను అయ్యాక వస్తారు. బిల్లు కాగితం రైతు చేతికి తప్పకుండా ఇవ్వండి.

సాయంత్రం దుకాణం మూసే ముందు: పొద్దున ఉన్నవి, వచ్చినవి కలిపి, అమ్మినవి తీసేయండి. ఉదాహరణకు పొద్దున 120 బస్తాలు, లారీలో 200, అమ్మినవి 85 అయితే మిగలాల్సింది 235. గోడౌన్‌లో 235 ఉండి మిషన్ 35 చూపిస్తే లారీ స్టాకు మీరు ఇంకా ఒప్పుకోలేదన్నమాట. మిషన్ 240 చూపించి గోడౌన్‌లో 235 ఉంటే అయిదు బస్తాలు వేలిముద్ర లేకుండా బయటికి వెళ్లాయి. ఎవరికి వెళ్లాయో ఆ సాయంత్రమే గుర్తుంటుంది, వారం తర్వాత గుర్తుండదు. అంకె సరిచేయడానికి వేరేవాళ్ల ఆధార్ మీద బిల్లు కొట్టకండి. అది స్టాకు తేడా కంటే పెద్ద తప్పు.

విత్తనాలు కూడా అమ్మేవాళ్లకు: స్టాకు, ధరల బోర్డు ఏ రోజుకారోజు రాయాలి. నెలవారీ రిటర్ను ఫారం-డిలో మరుసటి నెల 5వ తేదీ లోపు లైసెన్సు ఇచ్చిన అధికారికి చేరాలి. బిల్లు మీద లాట్ నంబరు వేయడం మరవకండి. మొలక రాలేదని రైతు వచ్చినప్పుడు ఆ సంచి ఏ లాట్‌దో తేల్చేది ఆ నంబరే.

*

నోటీసులో నిబంధనల సెక్షన్ నంబర్లు కావాలనే పెట్టలేదు. డీలరుకి కావలసింది ఏ పూట ఏం చేయాలన్నది. సెక్షన్లతో కూడిన ప్రతి విడిగా కావాలంటే తయారు చేసి పంపగలను.

జీతం నెలకు 22,000 నుంచి 24,000 రూపాయలు, తిరుగుడు ఖర్చు విడిగా, అనుకుంటున్నాను. ఇప్పుడు పని చేస్తున్న దుకాణంలో నా తర్వాతివాళ్లకు స్టాకు అప్పగించి రావాలి కాబట్టి, మీరు ఖరారు చేసిన రోజు నుంచి 15 రోజుల్లో చేరగలను. ఇంటర్వ్యూకి మాత్రం ఏ రోజైనా రాగలను, ముందురోజు చెబితే చాలు. కౌంటరులో రద్దీ వల్ల పొద్దున ఫోన్ ఎత్తడం ఆలస్యం కావచ్చు. మధ్యాహ్నం రెండు తర్వాత వెంటనే దొరుకుతాను.

జత చేసినవి: రెజ్యూమె (ఫోన్ నంబరు అందులో ఉంది), డిగ్రీ మెమోలు, గ్రూప్-2, 3, 4 హాల్ టికెట్లు, దుకాణం యజమాని గారు ఇచ్చిన అనుభవ పత్రం, పైన చెప్పిన ఎక్సెల్ షీటు నుంచి ఒక నెల ప్రతి.

ఇట్లు,
రాజేందర్
హనుమకొండ